తమ్ముడి కాయిన్ స్క్రీన్ మీద లక్షా అరవై వేలు చూపిస్తోంది. అమ్మితే అంతా వస్తుందా?

పాలకొల్లు కాలువగట్టు · శనివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. మా తమ్ముడు భీమవరంలో రొయ్యల మేత డీలరు దగ్గర పని చేస్తాడు. ఎవరో వాడిని ఒక టెలిగ్రామ్ గ్రూపులో కలిపారు. అడ్మిన్ తనది రాజమండ్రి అంటాడు గానీ మొహం చూసినవాళ్ళు లేరు. 5,000 కట్టి వీఐపీలో చేరితే కాయిన్ పేరు పది నిమిషాలు ముందు చెబుతారట.

తమ్ముడు కట్టాడు. 60,000 పెట్టి మీమ్ కాయిన్ అనే రకం క్రిప్టో ఒకటి కొన్నాడు. 40 లక్షల కాయిన్లు వచ్చాయి, అంటే ఒక్కోటి పైసన్నర పడింది. ఇప్పుడు రేటు నాలుగు పైసలు. ఫోన్లో 1,60,000 చూపిస్తోంది. అడ్మిన్ మాత్రం "ఎవరూ అమ్మొద్దు, రూపాయి దాకా వెళ్తుంది" అని రోజూ పెడుతున్నాడు. తమ్ముడు మా పిన్ని కొడుకుని కూడా చేర్చాడు. ఆ అబ్బాయి నిన్న రాత్రి నాలుగు పైసల దగ్గర 50,000 పెట్టాడు.

నాకు దీని గురించి ఏమీ తెలియదు. ఈ లక్షా అరవై నిజంగా ఉన్న డబ్బేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి గట్టు · 7:40

బిట్‌కాయిన్‌ని మన ప్రభుత్వం నిషేధించింది కదండీ. కేసు అవుతుందేమో, ముందు వకీలుని కలవండి.

కాయిన్ కుర్రాడు తణుకు · 7:58

నిషేధం ఏమీ లేదండి. 2018లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకుల్ని క్రిప్టోవాళ్ళతో లావాదేవీలు పెట్టుకోవద్దంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. అయినా ఆయన అడిగింది అది కాదు.

అన్నా, రెండు విషయాలు చూడండి. ఎల్పీ బర్న్ అయిందా, మింట్ రద్దు చేశారా? రెండూ అయి ఉంటే భయపడక్కర్లేదు, ఎవడూ పారిపోలేడు. మార్కెట్ క్యాప్ ఎంత ఉంది?

పాలకొల్లు కాలువగట్టు · 8:20

తమ్ముడిని అడిగి రాస్తున్నాను. మార్కెట్ క్యాప్ డాలర్లలో ఉంది, మన లెక్కలో దాదాపు 2 కోట్లు. Liquidity అన్నచోట 80 లక్షలు. మొత్తం కాయిన్లు 50 కోట్లు. ఎల్పీ బర్న్ అయిందని పచ్చ టిక్కు ఉంది. మింట్ రద్దు అని కూడా ఉంది.

కాయిన్ కుర్రాడు తణుకు · 8:24

అయితే సేఫ్. 2 కోట్ల క్యాప్ అంటే ఇంకా చిన్నదే, పెరగడానికి చోటుంది.

లెక్కల మాస్టారు · 9:05

బాబూ తణుకూ, నువ్వు చెప్పిన రెండూ చూడాల్సినవే. కానీ వాటి పని చాలా చిన్నది. మింట్ రద్దయితే కొత్త కాయిన్లు పుట్టించలేరు. ఎల్పీ బర్న్ అయితే, అంటే పూల్‌లో వేసింది వెనక్కి తీసుకునే హక్కుని కాల్చేస్తే, పూల్‌ని అమాంతం ఎత్తుకుపోలేరు. తన దగ్గరున్న పాత కాయిన్లని ఆ పూల్‌లోనే అమ్ముకోకుండా ఈ రెండూ ఆపలేవు. ఈ దారిలోనూ మోసాలు జరుగుతున్నాయి.

కాలువగట్టు గారూ, మీరు ఇచ్చిన అంకెలతోనే చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఈ కాయిన్ కొనడానికి అవతల మనిషి ఉండడు, ఒక పూల్ ఉంటుంది. అందులో ఒక పక్క డబ్బు, అంటే సొలానా అనే ఇంకో క్రిప్టో, ఇంకో పక్క ఈ కాయిన్లు. మీ స్క్రీన్ 80 లక్షలు అంటోంది కదా, అది రెండు పక్కలూ కలిపిన లెక్క. అందులో 40 లక్షలు వాళ్ళ కాయిన్‌కి వాళ్ళ రేటు కట్టి వేసుకున్నదే. అసలు డబ్బు 40 లక్షలు. రేటు నాలుగు పైసలు గనక అవతలి పక్క 10 కోట్ల కాయిన్లు ఉన్నాయన్నమాట.

పూల్‌కి తెలిసిన సూత్రం ఒక్కటే. డబ్బునీ కాయిన్లనీ గుణిస్తే వచ్చే లబ్ధం మారకూడదు. లక్షల్లో, కోట్లల్లో చెప్పుకుంటే 40 ఇంటూ 10, అంటే 400. ఎవరు కొన్నా, అమ్మినా ఆ 400 అలాగే ఉండేలా రేటు దానంతట అదే జరుగుతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. కాయిన్ పెట్టిన రోజు రేటు ఒక పైస అనుకోండి. అప్పుడు పూల్‌లో 20 లక్షలు, 20 కోట్ల కాయిన్లు ఉండాలి. 20 ఇంటూ 20, మళ్ళీ 400. మొత్తం 50 కోట్లలో మిగతా 30 కోట్లు ఎక్కడున్నాయి? కాయిన్ పెట్టినవాడి దగ్గర. తర్వాత మీ తమ్ముడూ, పిన్ని కొడుకూ, గ్రూపు జనమూ కలిసి లోపల పోసింది 20 లక్షలు. దానికి వాళ్ళకి వచ్చినవి 10 కోట్ల కాయిన్లు. అంతటితో రేటు నాలుగు రెట్లయింది. మార్కెట్ క్యాప్, అంటే మొత్తం కాయిన్లని రేటుతో గుణించిన అంకె, 50 లక్షల నుంచి 2 కోట్లయింది. లోపలికొచ్చింది 20 లక్షలైతే స్క్రీన్ మీద కోటిన్నర పెరిగింది. ఆ పెరిగిన దాంట్లో చాలా భాగానికి వెనక డబ్బే లేదు.

మీ తమ్ముడు ఈ క్షణంలో, అందరికంటే ముందు అమ్మితే 40 లక్షల కాయిన్లకి దాదాపు 1,53,800 వస్తుంది. 1,60,000 రాదు గానీ దగ్గరే. ఫీజులు వదిలేశాను.

కాయిన్ పెట్టినవాడు ముందు 10 కోట్ల కాయిన్లు అమ్మేశాడనుకోండి. పూల్‌లో కాయిన్లు 20 కోట్లవుతాయి, డబ్బు 20 లక్షలకి దిగుతుంది. గ్రూపు పోసిన 20 లక్షలూ వాడి జేబులోకి వెళ్ళినట్టే. తర్వాత తమ్ముడు అమ్మితే వచ్చేది 39,200. వాడు 30 కోట్లూ అమ్మేశాక అయితే 9,900.

ఈ మూడు అంకెలూ తమ్ముడికి చూపించండి. కాయిన్లు అవే. ఎవరి తర్వాత అమ్ముతున్నాడన్నదే తేడా.

కాయిన్ కుర్రాడు తణుకు · 9:31

మాస్టారూ, ఒక డౌటు. మొదటి 20 లక్షలు కాయిన్ పెట్టినవాడివే కదా? ఎల్పీ బర్న్ చేస్తే ఆ 20 లక్షలు వాడు వదులుకున్నట్టే. అంత వదులుకున్నవాడు మోసం ఎందుకు చేస్తాడు?

లెక్కల మాస్టారు · 9:50

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే నమ్ముతారు. 30 కోట్ల కాయిన్లూ అమ్మితే పూల్‌లో కాయిన్లు 40 కోట్లవుతాయి, డబ్బు 10 లక్షలు మిగులుతుంది. అంటే వాడు 30 లక్షలు తీసుకెళ్ళాడు. తాను పెట్టిన 20 పోను 10 లక్షల లాభం, వీఐపీ ఫీజులు అదనం.

గ్రూపు సంగతి చూడు. వాళ్ళ దగ్గర 10 కోట్ల కాయిన్లు మిగిలాయి. అందరూ అమ్ముకుంటే పూల్ 50 కోట్ల కాయిన్లు, 8 లక్షల డబ్బు దగ్గర ఆగుతుంది. అంటే మొత్తం గ్రూపుకి వచ్చేది 2 లక్షలు. పోసింది 20 లక్షలు. ఆ మిగిలిన 8 లక్షలు ఎల్పీ బర్న్ వల్ల పూల్‌లోనే ఉండిపోతాయి, ఎవరికీ రావు. నువ్వు రక్షణ అనుకున్న పచ్చ టిక్కు ఇక్కడ చేసే పని అది.

ఆక్వా రాజు ఉండి · 10:15

మాస్టారు చెప్పింది మాకు బాగా ఎక్కుతుంది. చెరువులకి తెగులు తగిలి ఊరంతా ఒకే రోజు పట్టుబడి పడితే, వచ్చిన లారీ ఒక్కటే అయితే, పొద్దున మొదట తూకం వేసినవాడికి వంద కౌంటు రేటు దక్కుతుంది. సాయంత్రం వచ్చినవాడికి ఎంతిస్తే అంత. బోర్డు మీద రేటు చూసి నా చెరువు విలువ ఇంత అనుకుంటే ఎలా?

రాజోలు టు కువైట్ · 10:48

మీకు కనీసం అమ్మడానికి వీలుంది. నాది ఇంకో రకం. ఇక్కడ రూములో నలుగురం కలిసి ఒక కాయిన్ కొన్నాం. రేటు రోజూ పెరుగుతోంది, చార్టులో ఎర్ర గీత ఒక్కటీ లేదు. అది చూసి మురిసిపోయి ఇంకా పెట్టాం. ఇంటికి పంపాల్సిన నెల జీతం అందులోకే వెళ్ళింది. అమ్మబోతే ప్రతిసారీ ట్రాన్సాక్షన్ ఫెయిల్. స్లిప్పేజీ, అంటే రేటు తేడాకి మనం ఒప్పుకునే హద్దు, పెంచు అన్నారు, పెంచాం, అయినా ఫెయిల్. అక్కడ అమ్మగలిగింది పెట్టినవాడొక్కడే.

అందుకే అడుగుతున్నా, మీ తమ్ముడు ఒక్కసారైనా కొంచెం అమ్మి చూశాడా?

లెక్కల మాస్టారు · 11:10

కువైట్ తమ్ముడూ, నీకు జరిగింది చాలా కష్టం. 2021 నవంబరులో స్క్విడ్ కాయిన్ సంగతీ ఇదే. 2,800 డాలర్లు దాటి చూపించింది, కొన్నవాళ్ళు అమ్మలేకపోయారు, కొద్ది నిమిషాల్లో దాదాపు సున్నా అయింది. చార్టులో అమ్మకాలే కనిపించకపోతే మంచి లక్షణం అనుకుంటాం, అది అతి చెడ్డ లక్షణం.

కొంచెం అమ్మి చూడటం మంచిదే, కానీ దానికీ హద్దుంది. సొలానాలో ఫ్రీజ్ అధికారం ఉంచుకున్నవాడు ఇవాళ అమ్మనిచ్చి, రేపు నీ వాలెట్‌లోని కాయిన్లని కదలకుండా చేయగలడు. అందుకని మింట్‌తో పాటు ఫ్రీజ్ కూడా రద్దయిందో లేదో చూడాలి.

కోనసీమ కౌముది · 11:42

నేను ఇలాంటి గ్రూపులో సభ్యురాలిగా ఉండి గమనించాను. వీఐపీకి పది నిమిషాలు ముందు అనేది ఎలా ఉంటుందో చెబుతాను.

రాత్రి 9 గంటలకి పేరు చెబుతామని సాయంత్రం నుంచే కౌంట్‌డౌన్ పెట్టారు. "గంట ఉంది, సొలానా వాలెట్‌లో రెడీగా ఉంచుకోండి", "అరగంట", "పది నిమిషాలు". వీఐపీకి 8:50కి పేరొచ్చింది. మామూలు గ్రూపుకి 9కి వచ్చింది. నేను కొనకుండా ఆ కాయిన్ లావాదేవీల జాబితా తెరిచి మొదటి నుంచీ చదివాను. మొదటి కొనుగోళ్ళు 8:41కి ఉన్నాయి. నాలుగు వాలెట్లు, ఒకే నిమిషంలో. ఆ నాలుగింటికీ సొలానా ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్తే ఒకే వాలెట్ నుంచి, ఆ రోజు మధ్యాహ్నం. 8:50కి వీఐపీ కొంటుంటే రేటు లేచింది. 9కి జనం పడ్డారు. 9:03కి ఆ నాలుగు వాలెట్లూ అమ్మడం మొదలైంది. 9:06కి రేటు 8:50కంటే కింద ఉంది. గ్రూపులో మాత్రం "ఇది షేకౌట్, గట్టిగా పట్టుకోండి" అని రాకెట్ బొమ్మలు వస్తూనే ఉన్నాయి. రేటు ఎందుకు పడిందని అడిగినవాళ్ళని మ్యూట్ చేశారు.

5,000 కట్టిన వీఐపీ కూడా అడ్మిన్‌కి కొనేవాడే. మామూలు జనంకంటే ముందు వరుస, అంతే.

కాలువగట్టు అన్నయ్యగారూ, Holders జాబితా తెరిచి పూల్ తర్వాత పెద్ద వాలెట్లు ఎన్ని, ఎంతెంత ఉందో చూడండి. ఒక్కో వాలెట్‌కి మొదట డబ్బు పంపింది ఎవరో కూడా చూడండి.

గోదారి గట్టు · 12:05

మా మేనల్లుడు షేర్లలో ఇలాగే పోగొట్టుకున్నాడు. యూట్యూబులో చూసి కొన్నాడు. షేర్లకి సెబీ ఉంది కదా, అయినా జరుగుతోందా?

లెక్కల మాస్టారు · 12:22

జరుగుతోందండి. సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరు విషయంలో యూట్యూబు వీడియోలతో రేటు లేపి అమ్ముకున్నారని 2023 మార్చిలో సెబీ ఆర్డరు ఇచ్చింది. అక్కడ కనీసం ఎవరు అమ్మారో పాన్ కార్డుతో సహా దొరుకుతుంది. ఇక్కడ వాలెట్ నంబరు దొరుకుతుంది, మనిషి దొరకడు.

కాయిన్ కుర్రాడు తణుకు · 12:40

సరే మాస్టారూ, ఎల్పీ విషయంలో మీ మాట ఒప్పుకుంటా. కానీ అన్నీ మోసాలే అనకండి. నేను రెండుసార్లు బాగా తీశాను. ముందు ఎక్కి ముందు దిగితే వస్తుంది. పెద్ద పేరున్నవాళ్ళ కాయిన్లయితే ఈ చిన్న పూల్ గొడవ ఉండదు.

లెక్కల మాస్టారు · 13:15

పెద్ద పేరు కూడా కాపాడలేదు. 2025 ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు మిలే లిబ్రా అనే కాయిన్ గురించి పోస్టు పెట్టాడు. కొద్ది గంటల్లోనే మార్కెట్ క్యాప్ 400 కోట్ల డాలర్లు దాటి చూపించి, 90 శాతానికి పైగా పడిపోయింది. పోస్టు తీసేశాడు. పెట్టినవాళ్ళకి సంబంధించిన వాలెట్లలోకి వెళ్ళింది సుమారు 10 కోట్ల డాలర్లు. స్క్రీన్ 400 అన్నా, ముందు వరుసకి దక్కింది 10. అది కూడా ఆఖరున కొన్నవాళ్ళ డబ్బే.

నువ్వు తీశావంటే నమ్ముతాను. అయితే ఈ కాయిన్ వెనక వ్యాపారం లేదు, అద్దె రాదు, డివిడెండ్ రాదు. నువ్వు తీసిన ప్రతి రూపాయీ నీ తర్వాత కొన్నవాడిది. తణుకులో కూర్చుని నువ్వు ముందు అనుకుంటావు, 8:41 వాలెట్లకి నువ్వు వెనకే.

కాయిన్ కుర్రాడు తణుకు · 13:20

ఏ వ్యాపారంలోనైనా అంతే కదండీ. నేను దీనితో ఏకీభవించను.

పాలకొల్లు కాలువగట్టు · 18:35

మధ్యాహ్నం భీమవరం వెళ్ళి తమ్ముడితో కూర్చున్నాను. మాస్టారి లెక్క కాగితం మీద వేసి చూపించాను. మొదట కోపం తెచ్చుకున్నాడు. తర్వాత కౌముది గారు చెప్పినట్టు Holders తెరిచాం. పూల్ తర్వాత 11 వాలెట్లు, అన్నీ కలిపి దాదాపు 30 కోట్లు. ఏడింటికి సొలానా ఒకే చోటు నుంచి వచ్చింది. మిగతా నాలుగు అర్థం కాలేదు.

అమ్మే పేజీలో 40 లక్షలు అని కొట్టి, ఓకే చేయకుండా ఎంత వస్తుందని చూశాం. Price Impact అని ఎర్రగా నాలుగు శాతం దాకా చూపించింది. వచ్చేది మాస్టారు చెప్పిన అంకెకి కొంచెం తక్కువ. వాడు సగం అమ్మాడు, 78,000 చేతికొచ్చాయి, సొలానా రూపంలో. మిగతా సగం "ఉండనీ అన్నయ్యా, అసలు వచ్చేసింది కదా" అంటున్నాడు.

పిన్ని కొడుకుది ఏం చేయాలో తెలియడం లేదు. వాడిప్పుడు అమ్మితే పెద్ద నష్టం లేదు కదా?

లెక్కల మాస్టారు · 19:02

ఇప్పుడైతే రెండు మూడు వేల తేడాతో బయటపడతాడు, ఇవాళే చెప్పండి. 10 కోట్లు అమ్మకానికొచ్చాక అమ్మితే 50,000కి 12,400 వస్తుంది. అంతకు ముందే గ్రూపులో ఇంకో 5 కోట్ల కాయిన్లు అమ్ముడైపోతే 8,000 లోపు.

తమ్ముడి పన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి. లాభం మీద 30 శాతం, దానిపైన 4 శాతం సెస్సు. మొత్తం 1,53,800కి అమ్మి ఉంటే 93,800 లాభం మీద దాదాపు 29,300 కట్టాలి. పిన్ని కొడుక్కి ఇందులో నష్టమొచ్చి, వేరే కాయిన్‌లో లాభమొస్తే ఈ నష్టాన్ని అందులోంచి తీసేసుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. సొలానాని మన ఎక్స్ఛేంజ్‌లో రూపాయలు చేసేటప్పుడు 1 శాతం టీడీఎస్ పోతుంది.

పాలకొల్లు కాలువగట్టు · సోమవారం ఉదయం 8:10

శనివారం రాత్రి పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. "అన్నయ్యా, మీవాడు లాభం తీసుకున్నాడు, నన్ను మాత్రం నష్టానికి అమ్మమంటారా" అన్నాడు. అమ్మలేదు.

ఇవాళ పొద్దున రేటు 2.6 పైసలు. ఆ 11 వాలెట్లలో నాలుగు నిన్నటి నుంచి అమ్ముతున్నాయి, కొంచెం కొంచెంగా. తమ్ముడి మిగతా సగం 52,000 చూపిస్తోంది. గ్రూపులో అడ్మిన్ "డిప్‌లో కొనండి, వీఐపీ ఫీజు ఇవాళ సగమే" అని పెట్టాడు. వాలెట్ల ఫోటో పెట్టిన ఒకాయన్ని తీసేశారు.

కోనసీమ కౌముది · 8:32

ఒకేసారి పడేస్తే జనం భయపడి అమ్మేస్తారని ఇలా కొంచెం కొంచెంగా వదులుతారు. మధ్యలో ఎవరైనా డిప్ అని కొంటే ఆ డబ్బు కూడా వాళ్ళకే. సగం ఫీజుకి వీఐపీ అందుకే.

మీవాళ్ళు ఏం చేసినా గ్రూపు చాట్ మొత్తం ఇవాళే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోమనండి. గ్రూపు డిలీట్ అయితే మళ్ళీ దొరకదు. వీఐపీ 5,000 యూపీఐలో కట్టి ఉంటే ఆ యూటీఆర్ నంబరూ, అవతలి ఐడీ రాసుకోండి. మొత్తం వ్యవహారంలో బ్యాంకు ఖాతా ఉన్న మనిషి దాకా వెళ్ళే దారి అదొక్కటే. 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఇవన్నీ జత చేయండి.

రాజోలు టు కువైట్ · 9:15

నేను ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. నంబరొచ్చింది, ఆ తర్వాత కబురు లేదు. నేను ఇక్కడే యాప్‌లో కొన్నాను, యూపీఐ ఏమీ లేదు, దానివల్లేమో.

కాయిన్ కుర్రాడు తణుకు · 9:40

రేటు మళ్ళీ మూడుకి వచ్చింది చూశారా?

పాలకొల్లు కాలువగట్టు · 10:05

చూశాను. తమ్ముడు ఆగుదామంటున్నాడు. 5,000 కట్టింది ఫోన్‌పేలోనే, అవతల పేరు ఒక కిరాణా కొట్టుది కనిపిస్తోంది. కౌముది గారూ, తమ్ముడు కట్టింది భీమవరంలో, నేనుండేది పాలకొల్లులో. ఫిర్యాదు ఏ స్టేషన్‌కి వెళ్తుందో తెలిస్తే చెప్పండి.